అమ్మ చీర కత్తెర కిందికి వెళ్లకముందే: ఫేర్‌వెల్ డ్రెస్‌ను ఏఐలో చూసుకుని కుట్టించడం ఎలా

ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో మొదలవుతాయి కాబట్టి ఫేర్‌వెల్ పార్టీలు సంక్రాంతి దాటాక వరసగా వస్తాయి. మాఘమాసం పెళ్లిళ్లూ అప్పుడే. టైలర్ల దగ్గర పెళ్లి జాకెట్లు గుట్టలుగా పడి ఉంటాయి. అలాంటప్పుడు ఫోన్లో ఒక బొమ్మ చూపించి "ఇట్ల కుట్టండి" అంటే ఆమె తల ఊపుతుంది, బట్ట తీసుకుంటుంది, తనకు తోచినట్టు కుడుతుంది. మళ్లీ విప్పి కుట్టే తీరిక ఆమెకూ ఉండదు, పార్టీకి టైమూ ఉండదు.

ఏఐలో డ్రెస్ ముందే చూసుకోవడం ఇక్కడ పనికొస్తుంది. అయితే ఆ బొమ్మకు మీ బట్ట పొడవు తెలియదు, బోర్డరు ఏ వైపు నేశారో తెలియదు. అందంగా ఉందా లేదా అన్నది బొమ్మ చెప్తుంది, కుట్టడానికి వీలవుతుందా లేదా అన్నది టేపు చెప్తుంది. రెండూ పక్కపక్కనే పెట్టుకుని నడవాలి.

ఒక ఉదాహరణ పట్టుకుందాం. హనుమకొండలో ఇంటర్ రెండో సంవత్సరం చదివే అమ్మాయి. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, నడుము 28. అమ్మ బీరువాలో ముదురాకుపచ్చ మంగళగిరి చీర ఉంది. నిజాం బోర్డరు, రెండంచులా 4 అంగుళాల జరీ. ఆ చీరతో అమ్మాయికి లాంగ్ ఫ్రాక్ కావాలి. అమ్మ మాట ఒక్కటే: "కోసినంక మళ్ల అతుకుతదా?" అతకదు. అందుకే కోయకముందు చేయాల్సిన పనులు ఇన్ని.

1. ముందు చీర సంగతి తేల్చుకోండి

ఫోన్ పక్కన పెట్టి చీరను మంచం మీద పూర్తిగా పరవండి. పొడవు, పన్నా టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. మన ఉదాహరణలో పొడవు 5.5 మీటర్లు, పన్నా 46 అంగుళాలు. జాకెట్టు ముక్క ఎప్పుడో కోసేశారు. పమిట 0.75 మీటర్లు.

తర్వాత చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న చీర ఆ మడత గీతల వెంబడి పలచబడి ఉంటుంది. అలాంటి చోట రెండు బొటనవేళ్లు దగ్గరగా పెట్టి మెల్లగా లాగండి. పోగులు జరిగి సందులు కనిపిస్తే అక్కడ కుట్టు ఆగదు, కూర్చున్న మొదటి గంటలోనే పిగిలిపోతుంది. ఒకటి రెండు చోట్లే ఉంటే ఆ భాగాన్ని వదిలేసి కోయించవచ్చు. ప్రతి మడతా అలాగే ఉంటే ఆ చీరతో ఫ్రాక్ ఆలోచన మానుకోండి. చీరను చీరగానే కట్టుకుని కొత్త జాకెట్టు కుట్టించుకోవడం మేలు. అందుకే ఏఐలో చూసుకునే మూడు రకాల్లో అది కూడా ఒకటి పెట్టుకోవాలి.

మన అమ్మాయి ఎంచుకున్న మూడు ఇవి: గొడుగు కట్ ఫ్రాక్, నడుము దగ్గర కుచ్చులు పెట్టిన ఫ్రాక్, చీర మీద కొత్త జాకెట్టు. అంతకు మించి పెట్టుకోకండి. ఇరవై బొమ్మలు చూశాక మొదటిది ఎలా ఉందో గుర్తుండదు.

2. ఫోటోలు: ఒకటి మీది, మూడు బట్టవి

మీ ఫోటో లెగ్గింగ్, ఒంటికి పట్టి ఉండే టాప్ వేసుకుని తీయించుకోండి. వదులు చుడీదార్‌లో దిగితే నడుము ఎక్కడుందో ఏఐకి తెలియక తనకు నచ్చిన చోట పెట్టేస్తుంది. వెనక ఖాళీ గోడ ఉండాలి, చేతులు ఒంటికి కొంచెం ఎడంగా ఉండాలి. తీసేవాళ్లు ఎనిమిది పది అడుగుల దూరంలో నిలబడి ఫోన్‌ను మీ నడుము ఎత్తులో పట్టుకోవాలి. తల ఎత్తులోంచి తీస్తే కాళ్లు పొట్టిగా పడతాయి, ఆ బొమ్మలో ఏ లాంగ్ ఫ్రాక్ అయినా గుడారంలా కనిపిస్తుంది.

అప్‌లోడ్ చేసే ముందు ఫోటోను గడ్డం కిందికి కత్తిరించండి. డ్రెస్ చూసుకోవడానికి ముఖంతో పని లేదు. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల ఫోటో విషయంలో ఈ జాగ్రత్త తప్పకుండా ఉండాలి. జెమినై, చాట్‌జీపీటీ లాంటి తెలిసిన యాప్‌లే వాడండి. చాట్‌జీపీటీకి 13 ఏళ్లు నిండాలి, 18 లోపు వాళ్లకు పెద్దల అనుమతి కూడా ఉండాలి. అమ్మ ఫోన్లో, అమ్మ ఎదురుగా చేస్తే ఆ గొడవే లేదు. చాట్‌జీపీటీ సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్ కింద Improve the model for everyone అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేసుకోండి. ప్రకటనల్లో కనిపించే 'డ్రెస్ మార్చే' ఊరూ పేరూ లేని యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు.

బట్ట ఫోటోలు పగటి వెలుగులో, కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట తీయండి. ట్యూబులైటు, బల్బు కింద ఆకుపచ్చ ఒక్కో ఫోటోలో ఒక్కోలా వస్తుంది. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి. ఫోటోలో ఆ కాగితం పసుపుగానో నీలంగానో కనిపిస్తే చీర రంగు కూడా తప్పుగా పడినట్టే, మళ్లీ తీయండి. మొదటి ఫోటో చీర ఒంటిది, రెండోది బోర్డరుది, పక్కన స్కేలు పెట్టి. మూడోది చీరను కుర్చీ వీపు మీద వేలాడదీసి తీసింది. బట్ట బిగుసుగా నిలబడుతుందా, మెత్తగా జారుతుందా అన్నది ఈ మూడో ఫోటోలోనే తెలుస్తుంది. చాలామంది దీన్ని వదిలేస్తారు. అప్పుడు మంగళగిరి నూలు బట్ట బొమ్మలో జార్జెట్‌లా జారుతూ వస్తుంది.

3. ఏమని రాయాలి

'అందమైన పార్టీ డ్రెస్' అని రాస్తే ఏఐ తన దగ్గరున్న పార్టీ డ్రెస్సే మీకు తొడుగుతుంది. బట్ట, బోర్డరు, కుచ్చులు, కొలతలు విడివిడిగా చెప్పాలి, ఏది మార్చకూడదో కూడా చెప్పాలి. తెలుగులో రాసినా అర్థం చేసుకుంటుంది. కుట్టుపని మాటలకు మాత్రం ఇంగ్లీషులో తడబాటు తక్కువ. మన అమ్మాయి కుచ్చుల ఫ్రాక్‌కు రాసింది ఇది:

```
Dress the person in photo 1 in a long frock made from
the cloth in photos 2, 3 and 4. Plain green body, add no motifs.
Zari border 4 inches wide, at the hem only.
Skirt 36 inches long, gathered at the waist, not circular.
Keep body shape, height and pose exactly as in photo 1.
```

బుటాలు వద్దని విడిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ చీర ఒళ్లు సాదాగా ఉంటుంది, అందమంతా అంచులోనే. ఏఐకి మాత్రం జరీ చీర అనగానే ఒళ్లంతా బుటాలు చల్లడం అలవాటు. ఒకసారి చల్లిందంటే ఆ బొమ్మ చూసి మీరు ముచ్చటపడతారు, తీరా కుట్టాక డ్రెస్ బోసిగా ఉందని బాధపడతారు.

మొదటి బొమ్మ వచ్చాక ఒక్కోసారి ఒక్కటే మార్చండి. మెడ మార్చి చూడండి, తర్వాత చేతులు. మెడా చేతులూ పొడవూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుందో తెలియదు. అదే చాట్‌లో ఐదారు మార్పులు చేస్తూ పోతే బట్ట రంగు, బోర్డరు నమూనా మెల్లగా మారిపోతుంటాయి. బోర్డరును మీ ఫోటోతో పోల్చి చూడండి. గీతలు మారాయనిపిస్తే కొత్త చాట్ తెరిచి అసలు ఫోటోలతో మళ్లీ మొదలుపెట్టండి.

వెనక వైపు బొమ్మ కావాలంటే వెనక నుంచి తీసిన ఫోటో ఇవ్వాలి. ముందు ఫోటో ఒక్కటే ఇచ్చి వెనక చూపించమంటే అది ఊహించి గీస్తుంది. జిప్పు ఉండదు, డోరీలు గాల్లో వేలాడతాయి.

4. బొమ్మను స్కేలుతో కొలవండి

ఈ పని ఐదు నిమిషాలది. బొమ్మను ఫోన్లో నిండుగా తెరిచి, జామెట్రీ బాక్సులోని స్కేలు తెర మీద పెట్టండి. లంగా భాగం 36 అంగుళాలు, బోర్డరు 4 అంగుళాలు, అంటే తొమ్మిదో వంతు. తెర మీద లంగా 9 సెంటీమీటర్లు ఉంటే బోర్డరు 1 సెంటీమీటరు ఉండాలి. మన అమ్మాయి మొదటి బొమ్మలో అది దాదాపు 2 ఉంది. అంటే ఎనిమిది అంగుళాల బోర్డరు! అంత జరీ ఆ చీరకు లేదు. ఆ బొమ్మలోని దర్జా అంతా లేని జరీదే.

తర్వాత ఒళ్లు కొలవండి. మీ అసలు ఫోటోలో భుజాల వెడల్పు ఎంత, నడుము వెడల్పు ఎంత అన్నది చూసి, ఏఐ బొమ్మలోనూ అదే చూడండి. అసలు ఫోటోలో నడుము భుజాల్లో ముప్పావు వంతు దాకా ఉండి బొమ్మలో సగానికి వచ్చేసిందంటే, అది మీకు డ్రెస్ వేయలేదు, ఇంకెవరికో వేసింది. కాళ్లు సాగదీయడం కూడా దీనికి అలవాటే. అలాంటి బొమ్మను తీసేయండి, దాన్ని చూసి నిర్ణయించుకోవద్దు.

ఇక గేరు. బొమ్మలో లంగా గంటలా విచ్చుకుని నిలబడితే లోపల క్యాన్‌క్యాన్ నెట్ ఉన్నట్టు లెక్క. అది లేకుండా నూలు బట్ట అలా నిలబడదు. క్యాన్‌క్యాన్ వేయించుకుంటే ప్లాస్టిక్ కుర్చీలో మూడు గంటలు కూర్చోవాలని, లోపల గుచ్చుకోకుండా దాని కింద మళ్లీ లైనింగ్ కావాలని గుర్తుంచుకోండి. అది వద్దనుకుంటే నెట్ లేకుండా, బట్ట మామూలుగా కిందికి వాలినట్టు చూపించమని రాసి మళ్లీ చూసుకోండి. మీకు దక్కేది ఆ రెండో బొమ్మే.

5. గొడుగు కట్ బొమ్మ ఎక్కడ అబద్ధం చెప్తుంది

మూడు బొమ్మల్లో అమ్మాయికి మొదట నచ్చింది గొడుగు కట్. చుట్టూ నిండుగా గేరు, అంచు మొత్తం జరీ. అమ్మకూ నచ్చింది. ఇద్దరూ చీర తీసుకుని టైలర్ దగ్గరికి వెళ్లారు.

"అక్కా, ఈ బోర్డరు కింద చుట్టూ ఇట్లనే వస్తదా?"

"గొడుగు కట్‌కు రాదమ్మా. కుచ్చులు పెడితే వస్తది."

ఆమె ఎందుకలా అందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. గొడుగు కట్ అంటే గుండ్రంగా కోసిన బట్ట. లూజుతో కలిపి నడుము 30 అంగుళాలు అనుకుంటే, దాన్ని 6.28తో భాగిస్తే 4.8 వస్తుంది. అది నడుము గుండ్రం వ్యాసార్ధం. దానికి లంగా పొడవు 36, మడతకు ఇంకొక అంగుళం కలిపితే దాదాపు 42. అంటే 42 అంగుళాల పన్నా, 84 అంగుళాల పొడవు ఉన్న అర్ధచంద్రాలు రెండు కావాలి. మొత్తం 168 అంగుళాలు, దగ్గర దగ్గర 4.3 మీటర్లు. చీర పన్నా 46 కాబట్టి బట్ట సరిపోతుంది. ఇక్కడిదాకా బొమ్మ నిజమే.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని, పొడుగంచులు రెండింటికీ పెన్నుతో బోర్డరు గీసి, ఒక అంచును ఆధారం చేసుకుని అర్ధచంద్రం కత్తిరించండి. ఆధారంగా పెట్టుకున్న అంచు బోర్డరు తిన్నగా ఉండే వైపు పడుతుంది. అది డ్రెస్‌లో పక్క కుట్టు వెంబడి నిలువుగా వస్తుంది. అవతలి బోర్డరు వంపు మధ్యలో తాకీ తాకనట్టు బయటే ఉండిపోతుంది. మిగతా కింది అంచంతా సాదా బట్టే. నేసిన బోర్డరు తిన్నని గీత, గొడుగు అంచు వంపు. రెండూ కలిసేది ఒక్కచోటే.

'బోర్డరు కోసి విడిగా అతికిస్తే?' అని అడుగుతారు. రెండంచులదీ కలిపి 11 మీటర్ల బోర్డరు ఉంది, కింద చుట్టుకొలత 256 అంగుళాలు, అంటే ఆరున్నర మీటర్లు. పొడవుకు లోటు లేదు. చిక్కు వెడల్పులో ఉంది. అంచు మీద అతికించిన 4 అంగుళాల పట్టీ పై గీత గుండ్రం కింది గీత గుండ్రం కన్నా 25 అంగుళాలు తక్కువ. తిన్నని పట్టీకి రెండు వైపులా ఒకే పొడవు. ఆ 25 అంగుళాలను పై వైపున చిన్న చిన్న మడతలుగా తినిపించాలి. జరీ మీద ఆ మడతలు ముడతల్లా కనిపిస్తాయి. తినిపించకపోతే అంచు లోపలికి ముడుచుకుంటుంది. అదే అర అంగుళం జరీ లేసైతే తేడా మూడు అంగుళాలే, చేత్తో సర్దుతూ కుట్టేయవచ్చు. కాబట్టి గొడుగు కట్టే కావాలనుకునే వాళ్లకు సన్న లేసు ఉంది, లేదా బోర్డరు లేని తాను బట్ట ఉంది. అమ్మ చీర మాత్రం దానికి తగదు.

గొడుగు కట్ కుట్టించే వాళ్లకు ఇంకొక మాట. గుండ్రంగా కోసిన బట్టలో కొంత భాగం ఐమూలగా పడుతుంది, ఆ భాగం వేలాడితే సాగుతుంది. కోసి నడుముకు అతికించాక ఒక రోజు హ్యాంగరుకు వేలాడదీసి, ఆ తర్వాత అంచు సమం చేసి మడత కుట్టమనండి. తొందరపడి ముందే మడత కుట్టేస్తే రెండు వారాల్లో కింది అంచు ఎగుడు దిగుడుగా అయిపోతుంది. బొమ్మలో అంచు ఎప్పుడూ గీత గీసినట్టే ఉంటుంది మరి.

6. కుచ్చుల ఫ్రాక్‌కు బట్ట లెక్క

కుచ్చుల ఫ్రాక్‌లో చీరను అడ్డంగా చుట్టి, పై అంచున కుచ్చులు పెట్టి నడుముకు అతికిస్తారు. కింది అంచు తిన్నగానే ఉంటుంది కాబట్టి బోర్డరు చుట్టూ వచ్చేస్తుంది, మడత కుట్టు కూడా అక్కర్లేదు.

ఫ్రాక్ పూర్తి పొడవు 50, పై భాగం 14, లంగా 36. కుట్టుకు ఒక అంగుళం, రేపు పొడవు పెంచుకోవడానికి లోపల మడతకు రెండు కలిపితే 39 అంగుళాలు. పన్నా 46లోంచి అది పోగా పైన 7 అంగుళాల పట్టీ మిగులుతుంది. అందులో 4 అంగుళాలు అవతలి బోర్డరే. చేతుల అంచులకూ నడుము పట్టీకీ జరీ అక్కడి నుంచే వస్తుంది, విడిగా లేసు కొనే పని లేదు.

పొడవులో పమిట 0.75 మీటర్లు పక్కన పెట్టి, పై భాగానికీ చేతులకూ 1 మీటరు, లంగాకు 3.25 మీటర్లు తీసుకుంటే ఇంకా అర మీటరు మిగులుతుంది. లంగా గేరు 128 అంగుళాలు, నడుముకు నాలుగు రెట్లకు పైనే. మూడు రెట్లున్నా కుచ్చులు నిండుగా ఉంటాయి. ఐదు రెట్లు దాటితే నడుము దగ్గర బట్ట కుప్ప పడి లావుగా కనిపిస్తుంది. బట్ట మిగిలింది కదా అని మొత్తం లంగాలో పెట్టించకండి.

లెక్క కుదిరాక మళ్లీ ఏఐలోకి వెళ్లి, ఈ ఒక్క ఫ్రాక్‌కే మెడ, చేతులు మార్చి చూసుకోవాలి. మన అమ్మాయి గుండ్రటి మెడ, బోట్ నెక్ రెండూ చూసి బోట్ నెక్ ఎంచుకుంది. చేతులు మోచేతి దాకా, చివర జరీ పట్టీ. బోట్ నెక్‌కు ముందు వైపు తల దూరేంత లోతుండదు, అందుకే వెనక జిప్పు తప్పనిసరి. ఆ సంగతి బొమ్మలో కనిపించదు, టైలర్‌కు మీరే చెప్పాలి.

7. టైలర్ చేతికి ఏమివ్వాలి

బొమ్మ ఒక్కటీ వాట్సాప్ చేసి ఊరుకోవద్దు. ఒక తెల్ల కాగితం మీద ముందు వైపు, వెనక వైపు పెన్సిల్‌తో గీయండి. వంకరగా వచ్చినా ఫర్వాలేదు. దాని మీద పూర్తి పొడవు, పై భాగం పొడవు, చేతి పొడవు, మెడ లోతు ముందు వెనక, జిప్పు ఎక్కడ, బోర్డరు ఎక్కడెక్కడ అన్నది రాయండి. ఒంటి కొలతలు టైలర్‌నే తీసుకోమనండి. మీకు సరిగ్గా పట్టే జాకెట్టో టాపో ఉంటే ఆదికి ఇవ్వండి. ఏఐ బొమ్మ చూసి ఏ కొలతా చెప్పకండి.

లైనింగ్‌కు మూడు మీటర్ల నూలు బట్ట సరిపోతుంది. ఇచ్చే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయండి. లేకపోతే మొదటి ఉతుకులో లైనింగ్ కుంచించుకుపోయి పై బట్టను లోపలికి లాగుతుంది. పక్క కుట్లలో లోపల రెండు వైపులా ఒక్కో అంగుళం బట్ట వదలమని కత్తెర పట్టకముందే చెప్పండి, తర్వాత వదులు చేసుకోవాలంటే అదే ఆధారం.

బట్ట ఇచ్చే రోజుకీ పార్టీకీ మధ్య రెండు వారాలు ఉండేలా చూసుకోండి. వారం తర్వాత ట్రయల్ అడగండి. అప్పటికి పక్క కుట్లు కచ్చాగా వేసి ఉండాలి, లంగాను నడుముకు గట్టిగా కుట్టి ఉండకూడదు. బోర్డరు కింద ఉండటంతో ఈ ఫ్రాక్‌లో పొడవు సర్దేది నడుము దగ్గరే, కింద కాదు. ట్రయల్‌కు పార్టీ రోజు వేసుకునే చెప్పులతోనే వెళ్లండి. రెండు అంగుళాల హీల్స్ వేసుకుంటే ఫ్రాక్ రెండు అంగుళాలు పైకి లేస్తుంది. ఆ చెప్పులతో నిలబడి, నాలుగడుగులు వేసి, కుర్చీలో కూర్చుని లేచి చూడండి. చేతులు పైకెత్తినప్పుడు చంక దగ్గర పట్టేస్తే అక్కడే చెప్పండి. బోర్డరు నేలకు అర అంగుళం పైన ఆగిందనుకున్న చోట నడుము దగ్గర సుద్దతో గీత పెట్టించి రండి.